ఊరెళ్ళేవాళ్ళ కుక్కని చూసుకోవడం: తాళంచెవి దాకా నమ్మకం, నిమిషాల్లో రేటు లెక్క

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో కుక్కల్ని వాకింగ్‌కి తీసుకెళ్ళే పని మొదలుపెడదామనుకుంటున్నాను. పక్క బ్లాక్‌లో ఒకావిడ 5 రోజులు ఊరెళ్తున్నారు, వాళ్ళ కుక్కని చూసుకోమని అడిగారు. కానీ తాళంచెవి ఇవ్వడానికి కాస్త వెనకాడుతున్నారు. రేటు ఎంత చెప్పాలో కూడా నాకు తెలియట్లేదు. ఎక్కువ చెబితే వద్దంటారేమో, తక్కువ చెబితే నాకే నష్టమేమో అని టెన్షన్‌గా ఉంది. మా ఇంట్లో కుక్క ఉండేది, అంతకుమించి అనుభవం లేదు. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు:

నేను ఈ పని పదేళ్ళకు పైగా చేస్తున్నాను. అంతా అపార్ట్‌మెంట్లలోనే. ముందు ఆవిడ వెనకాడటం గురించి చెబుతాను. అది తేలితే రేటు మాట సులువవుతుంది.

ఆవిడకి రెండు భయాలున్నాయి. మీ చేతిలో కుక్క బాగుంటుందా అన్నది ఒకటి, తను లేనప్పుడు ఇల్లు భద్రంగా ఉంటుందా అన్నది రెండోది. "నాకు కుక్కలంటే ప్రాణం అండి" అని మీరు ఎన్నిసార్లు చెప్పినా ఈ రెండూ తగ్గవు. ఆవిడ ఊళ్ళో ఉండగానే మీరు పని చేయడం కళ్ళారా చూస్తే తగ్గుతాయి. అందుకే ప్రయాణానికి ముందు మూడుసార్లు వెళ్ళాలి. మూడింటికీ వేర్వేరు పనులున్నాయి. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. అసలు సమస్య వచ్చేది కూడా అక్కడే.

మొదటిసారి వెళ్ళినప్పుడు కుక్క మీదకి చేయి చాపకండి. లోపలికి వెళ్ళి కూర్చోండి, ఆవిడతో మాట్లాడుతూ ఉండండి. అదే వచ్చి వాసన చూస్తుంది. దగ్గరికి వచ్చి ఒళ్ళు వదులుగా పెట్టుకుని నిలబడితే అప్పుడు మెడ పక్కన నిమరొచ్చు. తల పైనుంచి చేయి పెడితే చాలా కుక్కలకు నచ్చదు. నిద్ర రాకపోయినా పదేపదే ఆవలించడం, పెదవులు నాకడం, తోక కాళ్ళ మధ్య ముడుచుకోవడం, కంటి తెల్లభాగం కనబడేలా పక్కచూపులు చూడటం కంగారుకి గుర్తులు. అవి కనబడితే ఆ రోజుకి ముట్టుకోకపోయినా ఫర్వాలేదు. కుక్క కంగారుని మీరు గుర్తించి ఆగారని యజమాని గమనిస్తారు. ఆవిడకి మీ మీద మొదటి నమ్మకం అక్కడే కలుగుతుంది.

ఇక అడగాల్సినవి. "కరుస్తుందా?" అని అడిగితే "అబ్బే, మాది ఎవరినీ ఏమీ అనదు" అనే అంటారు. అబద్ధం చెప్పాలని కాదు, సొంత కుక్క అలాగే కనబడుతుంది. అందుకే నేను వేరేలా అడుగుతాను. బెల్ మోగితే ఏం చేస్తుంది? ఇంటికి వచ్చేవాళ్ళలో ఎవరంటే దీనికి పడదు? తినేటప్పుడు గిన్నె దగ్గరికి వెళితే ఏం చేస్తుంది? నోట్లో ఉన్నది లాక్కోవాల్సి వస్తే మీరు ఎలా తీస్తారు? భయమేస్తే ఎక్కడ దాక్కుంటుంది? "మంచం కింద దూరుతుంది, అప్పుడు మాత్రం చేయి పెట్టకండి" లాంటి అసలు సమాచారం ఈ ప్రశ్నలకే వస్తుంది.

అదే రోజు ఒక కాగితం మీద కొన్ని రాయించుకోండి. తిండి ఏ వేళకి, ఎంత కొలత. మందులుంటే ఎలా ఇస్తారు. రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు, దాని కార్డు ఫొటో. వెట్ ఫోన్ నంబర్, రాత్రిపూట తెరిచి ఉండే పశువుల ఆసుపత్రి ఏది. ఆవిడ ఫోన్ దొరకకపోతే నిర్ణయం ఎవరు తీసుకుంటారు. అత్యవసరమైతే అడగకుండా వైద్యానికి ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు. ఈ చివరిది అడగడానికి మొహమాటంగా ఉంటుంది. కానీ కుక్క పదేపదే వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ బయటికి రాకపోతే, పొట్ట ఉబ్బుతుంటే, అది కడుపు మెలిపడటం కావచ్చు. అప్పుడు ప్రతి నిమిషమూ ముఖ్యమే. ఫోన్ ఎత్తుతారేమోనని ఎదురుచూస్తూ కూర్చునే వీలుండదు. చిగుళ్ళు తెల్లగా పాలిపోయినా, మూర్ఛ వచ్చినా, మూత్రం కోసం ముక్కుతున్నా రాకపోయినా అంతే. ముందే రాసి ఉంటే మీరు నేరుగా ఆసుపత్రికి బయల్దేరతారు.

రెండోసారి ఆవిడతో కలిసి వాకింగ్‌కి వెళ్ళండి. సగం దూరం ఆవిడ పట్టుకుంటారు, సగం మీరు. కాలర్‌కీ మెడకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి, మూడు దూరితే అది వదులే. భయపడిన కుక్క చాలాసార్లు ముందుకి లాగదు. వెనక్కి జరిగి తల వంచి కాలర్‌లోంచి జారిపోతుంది. కొన్ని ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌లోంచి కూడా జారిపోతాయి. కొత్త కుక్క అయితే నేను హార్నెస్ వేసి, దాన్ని కాలర్‌తో కూడా కలిపే చిన్న పట్టీ ఒకటి తగిలిస్తాను. ఒకటి ఊడినా ఇంకోటి పట్టి ఉంటుంది.

అపార్ట్‌మెంట్లలో నన్ను ఎక్కువ భయపెట్టేది రోడ్డు కాదు, లిఫ్ట్. లీష్ పొడవుగా వదిలితే మనిషి లోపల, కుక్క బయట ఉండగా తలుపులు మూసుకోవచ్చు. సన్నటి లీష్‌ని తలుపు సెన్సర్ పట్టుకోకపోవచ్చు కూడా. కుక్కని కాలికి ఆనించి, లీష్ పొట్టిగా పట్టుకుని, ఇద్దరూ ఒకేసారి లోపలికి వెళ్ళాలి. బయటికి వచ్చేటప్పుడూ అంతే. సాగే లీష్ అయితే లిఫ్ట్‌లో దాన్ని లాక్ చేయాలి. నన్నడిగితే అపార్ట్‌మెంట్‌లో సాగే లీష్ వాడకపోవడమే మంచిది. లిఫ్ట్‌లో ఇంకో కుక్క గానీ చిన్నపిల్లలు గానీ ఉంటే, "మీరు వెళ్ళండి, మేం తర్వాత వస్తాం" అనండి. ఒక్క నిమిషం ఆలస్యమవుతుంది, అంతే. ఆవిడ పక్కన ఉండగా మీరు ఇలా ఆగితే ఆవిడకది గుర్తుండిపోతుంది.

మూడోసారి ఖాళీ ఇంట్లోకి వెళ్ళాలి. దీన్ని నేనెలా నేర్చుకున్నానో చెబుతాను.

నేను పని మొదలుపెట్టిన రెండో ఏడు ఒక కుటుంబం నాలుగు రోజులు ఊరెళ్తూ తమ కుక్కని నాకప్పగించారు. వయసు నాలుగేళ్ళు, పెద్ద ఒళ్ళు. మొదటి పరిచయంలోనే వచ్చి నా ఒళ్ళో తల పెట్టింది. వాళ్ళతో కలిసి రెండుసార్లు వాకింగ్‌కి కూడా తీసుకెళ్ళాను. ఇంక దిగుల్లేదనుకున్నాను. వాళ్ళు బయల్దేరిన సాయంత్రం తాళం తీసి తలుపు కొంచెం తెరిచాను. లోపల అదే కుక్క నన్ను చూస్తూ కదలకుండా నిలబడి ఉంది. తోక బిగుసుకుని ఉంది, గొంతులోంచి సన్నగా గుర్రు. నేను పేరు పెట్టి పిలిచాను. పళ్ళు చూపించింది.

నేను లోపల అడుగు పెట్టలేదు. ఆ రోజు చేసిన మంచి పని అదొక్కటే. తలుపు వేసి వాళ్ళకి ఫోన్ చేస్తే, "అది మిమ్మల్ని ఏమీ అనదు, ధైర్యంగా వెళ్ళండి" అన్నారు. మళ్ళీ తెరిచి ట్రీట్లు విసిరాను. వాటి వైపు చూడనైనా లేదు. భయంలోనో కోపంలోనో ఉన్న కుక్క చాలాసార్లు తిండి ముట్టదు. ఇంట్లో యజమాని ఉన్నప్పుడు నేను అతిథిని. యజమాని లేని ఇంట్లో తాళం తీసుకుని వచ్చే మనిషి దాని లెక్కలో దొంగే. చివరికి వాళ్ళ బంధువు ఒకాయన రెండు గంటల తర్వాత వచ్చి తలుపు తెరిచి లీష్ వేసి నా చేతికిచ్చాడు. ఆ నాలుగు రోజులూ ప్రతి పూటా ఆయన రావాల్సి వచ్చింది. సగం డబ్బు నేను తీసుకోలేదు. వాళ్ళు మళ్ళీ పిలవలేదు. తప్పు కుక్కదీ కాదు, వాళ్ళదీ కాదు. ముందే పరీక్షించి చూసుకోవాల్సింది నేను.

అప్పటినుంచి మూడోసారి ఇలా చేస్తాను. యజమాని ఇంటికి తాళం వేసి, కుక్కని లోపల ఉంచి, కిందికి వచ్చి కనీసం అరగంట ఆగాలి. ఐదు నిమిషాలైతే యజమాని ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నారని కుక్క అనుకుంటుంది. అప్పుడు నేను ఒక్కదాన్నే పైకి వెళ్ళి, తాళం తీసి, తలుపు బెత్తెడు తెరిచి, పక్కకి తిరిగి నిలబడి, మామూలు గొంతుతో పలకరిస్తాను. తోక వదులుగా ఊపుతూ వస్తే లోపలికి వెళ్ళి లీష్ వేసి కిందికి తీసుకొస్తాను. యజమాని అది కళ్ళారా చూస్తారు. మొరిగినా, కొద్దిసేపట్లో వాసన చూడ్డానికి ముందుకొచ్చి ట్రీట్ తింటే ఆశ ఉంది. అలాంటప్పుడు ఈ పరీక్ష రెండు మూడు రోజులు మళ్ళీ చేయాలి. ఒళ్ళు బిగించి, కళ్ళార్పకుండా చూస్తూ, ట్రీట్ ముట్టకపోతే ఆ పని నేను ఒప్పుకోను. యజమానికి ఆ మాటే నేరుగా చెబుతాను, వేరే ఏర్పాటు చూసుకోమంటాను. ఇలా నేను వద్దన్నవాళ్ళలో ఇద్దరు తర్వాత నా పేరు వాళ్ళ స్నేహితులకి చెప్పారు.

మీ విషయంలో దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఆ అరగంట పరీక్ష కోసం ఆవిడ మొదటిసారి తాళంచెవి మీ చేతికిస్తారు, పని కాగానే వెనక్కి తీసుకుంటారు. ఐదు రోజులకి ఒకేసారి ఇవ్వడం కన్నా ఇది ఆవిడకి చాలా తేలిక. వీలైతే రెండుసార్లు చేయండి. తాళంచెవి ఇవ్వమని మీరుగా అడగాల్సిన పని కూడా ఉండదు.

తాళంచెవి చేతికొచ్చాక దాని మీద ఫ్లాట్ నంబర్ ఎప్పుడూ రాయకండి. నేను కుక్క పేరులో మొదటి అక్షరం, ఒక అంకె రాస్తాను. ఆ గుర్తు ఏ ఇంటిదో వేరే చోట ఉంటుంది. తాళం పోయినా దొరికినవాళ్ళకి ఏ తలుపుదో తెలియదు. ఇంకో తాళంచెవి చేయించకండి. మీతో ఇంకెవరినీ లోపలికి తీసుకెళ్ళకండి, సొంత తమ్ముణ్ణయినా సరే. కుక్క ఫొటోలు ఎక్కడైనా పెట్టే అలవాటుంటే, వాళ్ళు ఊళ్ళో లేనంతకాలం ఆపండి. ఆ ఇల్లు ఖాళీగా ఉందని నలుగురికీ చెప్పినట్టవుతుంది. ఇంట్లో కెమెరా ఉందా అని మీరే అడగండి, ఉంటే ఆన్ చేసి ఉంచమనండి. ఇచ్చిన రోజు, తిరిగిచ్చిన రోజు ఒక మెసేజ్‌లో రాసుకుంటే చాలు. గేటు సెక్యూరిటీకీ అపార్ట్‌మెంట్ ఆఫీసుకీ మీ పేరు, తేదీలు ఆవిడే ముందుగా చెప్పి ఉంచాలి.

ఊరెళ్ళాక మిగతా పని మీ మెసేజ్‌లు చూసుకుంటాయి. ప్రతిసారీ నాలుగు విషయాలు రాయండి. వెళ్ళిన సమయం, వచ్చిన సమయం, ఎంత తింది, మలమూత్రాలు ఎలా ఉన్నాయి. ఒక ఫొటో పెట్టండి. "హ్యాపీగా ఉంది ఆంటీ" అని ఒక్క ముక్క పంపితే ఆవిడకేమీ తెలియదు. "7:10కి వెళ్ళాను, 7:45కి తాళం వేశాను. సగం గిన్నె తింది. ఒకసారి మలం, గట్టిగానే ఉంది. తలుపు తాళం ఫొటో కింద పెట్టాను" అంటే ఆవిడ ఫోన్ పక్కన పెట్టి తన పని చూసుకోగలరు. చివర్లో వేసిన తాళం ఫొటో పెట్టడం నాకు అలవాటు. "వేశానా లేదా" అని సగం దారిలో నాకొచ్చే అనుమానానికి కూడా అదే మందు.

బాగాలేని సంగతి కూడా అదే పూట చెప్పాలి. మొదటి రోజు చాలా కుక్కలు సరిగ్గా తినవు, మలం కాస్త పలచబడొచ్చు. ఇంటివాళ్ళు లేని దిగులు అది. పెద్ద కుక్క ఒకపూట తినకపోయినా నీళ్ళు తాగుతూ, హుషారుగా నడుస్తుంటే అంత కంగారు అక్కర్లేదు. ఒక రోజంతా ఏమీ తినకపోతే వెట్‌కి ఫోన్ చేయాల్సిందే. పిల్ల కుక్కలకీ, ముసలివాటికీ అంతసేపు ఆగకూడదు. తినట్లేదు కదా అని ఇంట్లో ఉన్నది ఏదో ఒకటి పెట్టొద్దు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం. మనుషుల నొప్పి మాత్రలు అసలు ఇవ్వకూడదు.

ఇప్పుడు రేటు.

చాలామంది కొత్తవాళ్ళు "అరగంట వాకింగ్" అంటే గంట రేటులో సగం చెబుతారు. మీరు పెట్టేది అరగంట కాదు. మీ గుమ్మం దాటినప్పటినుంచి మళ్ళీ మీ గుమ్మంలోకి వచ్చేదాకా గడియారం చూడండి. నాకు మామూలుగా అయ్యేది ఇదీ: వాళ్ళ బ్లాక్‌కి వెళ్ళడానికి 6 నిమిషాలు, లిఫ్ట్ కోసం ఆగి పైకి వెళ్ళి హార్నెస్ వేయడానికి 5, నడక 30, తిరిగొచ్చాక పాదాలు తుడిచి నీళ్ళు మార్చడానికి 5, మెసేజ్ పంపి తాళం వేయడానికి 3, ఇంటికి రావడానికి 6. మొత్తం 55 నిమిషాలు. నడక తీసేస్తే మిగిలిన 25 నిమిషాలు ప్రతిసారీ ఉండేవే.

మీ గంట విలువ 100 అనుకుందాం. దాని స్థానంలో మీ అంకె మీరు వేసుకోండి. 55 నిమిషాలంటే దాదాపు 92. కవర్లు, ట్రీట్లు, అరిగిపోయే లీష్ కలిపి ప్రతిసారికీ 5 వేసుకోండి. 97 అయింది. అంటే "అరగంట వాకింగ్" అసలు ధర దాదాపు ఒక గంట ధర. 50 చెప్పారంటే ఖర్చు పోగా 45 మిగులుతుంది. అది 55 నిమిషాలకి. గంటకి 49 పడ్డట్టు. నెల తిరిగేసరికి విసుగొస్తుంది, ఆ విసుగు కుక్కకీ తెలుస్తుంది, ఆవిడకీ తెలుస్తుంది.

ఇదే లెక్కతో 20 నిమిషాల నడకకి 80 అవుతుంది, గంట నడకకి 147. నడక సమయం సగమైనా ధర సగం కాదు, రెట్టింపయినా రెట్టింపు కాదు. ఎవరైనా "పక్కవాళ్ళ అబ్బాయి ఇంకా తక్కువకి తిప్పుతాడు" అంటే రేటు తగ్గించకండి, నడక తగ్గించి చెప్పండి. "30 నిమిషాలకి ఇంత. 20 నిమిషాలు చాలంటే ఇంత." అదే పనిని తక్కువకి చేస్తే మొదటి అంకె ఊరికే చెప్పారనుకుంటారు. తక్కువ పనికి తక్కువ అంటే అది లెక్క అని అర్థమవుతుంది. ఒకే ఇంట్లో రెండు కుక్కలుంటే దారీ లిఫ్టూ ఒకటే కాబట్టి రెండోదానికి పెరిగేది 10, 15 నిమిషాలే. పావు వంతు ఎక్కువ అడిగితే న్యాయంగా ఉంటుంది. వేర్వేరు ఇళ్ళ కుక్కల్ని డబ్బు కలిసొస్తుందని ఒకేసారి తిప్పకండి. రెండు ఇళ్ళవాళ్ళూ ఒప్పుకుని, మధ్యలో దూరం ఉంచి పక్కపక్కన నడిపించి చూశాకే ఆ ఆలోచన.

ఇక గంట విలువ ఎంత అన్నది. మీ చుట్టుపక్కల, ఇంటికి వచ్చి ఒంటరిగా పని చేసే నమ్మకమైన మనిషికి గంటకి ఎంత ఇస్తున్నారో చూడండి. పిల్లల్ని చూసుకునేవాళ్ళు కావచ్చు, ట్యూషన్ చెప్పేవాళ్ళు కావచ్చు. ఇదే పని చేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురిని అడగండి. ఆ రెండింటి మధ్య ఎక్కడో మీ అంకె ఉంటుంది. కొత్త కదా అని తగ్గించాలనిపిస్తే తగ్గించండి, కానీ పూర్తి రేటు పక్కనే రాసి, తగ్గింపు ఎప్పటిదాకానో కూడా చెప్పండి. "నా రేటు 97, మొదటి నెల 85" అని. మొదట 85 అని మాత్రమే చెప్పి రెండో నెల 97 అడిగితే పెంచారనే అనుకుంటారు.

మీ ఐదు రోజుల పని ఇప్పుడు వేసి చూద్దాం. పెద్ద కుక్క, ఆరోగ్యంగా ఉంది, రాత్రి ఇంట్లో ఒంటరిగా పడుకోగలదు అనుకుంటున్నాను. రోజుకి నాలుగుసార్లు వెళ్ళాలి. పొద్దున, సాయంత్రం 30 నిమిషాల నడక, మధ్యాహ్నం 20, పడుకునే ముందు 15. మీ ఇంటినుంచి లెక్కేస్తే 55, 45, 55, 40. మొత్తం 195 నిమిషాలు. మొదటి రోజు పొద్దున ఆవిడే తిప్పి బయల్దేరతారు కాబట్టి మూడుసార్లే, 140 నిమిషాలు. మధ్యలో మూడు రోజులు పూర్తిగా, 585. చివరి రోజు సాయంత్రానికి ఆవిడ వచ్చేస్తారు కాబట్టి పొద్దున, మధ్యాహ్నం, 100. అన్నీ కలిపితే 825 నిమిషాలు, అంటే 13 గంటల 45 నిమిషాలు. విలువ 1375. మొత్తం 17 సార్లు వెళ్తారు, సారికి 5 చొప్పున 85. మొత్తం 1460.

మొహమాటపడి "రోజుకి 200 ఇవ్వండి ఆంటీ" అన్నారనుకోండి. 1000 వస్తుంది. ఖర్చు పోగా 915, గంటకి దాదాపు 67 పడుతుంది. ఈ లెక్క వేసుకోకుండా అంకె చెబితే ఎవరికైనా ఇదే జరుగుతుంది.

1460 ఆవిడకి ఎక్కువనిపిస్తే, మధ్యాహ్నం పూట తన స్నేహితులెవరైనా చూసుకోగలరేమో అడగండి. మధ్యలో మూడు మధ్యాహ్నాలు తీసేస్తే 135 నిమిషాలు, విలువ 225, పైన 15 ఖర్చు, మొత్తం 240 తగ్గి 1220 అవుతుంది. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూత్రానికి బయటికి తీసుకెళ్ళకుండా ఉంచడానికి మాత్రం ఒప్పుకోకండి. పిల్ల కుక్కయితే వయసు ఎన్ని నెలలో సుమారు అన్ని గంటలే ఆగగలదు. మూడు నెలల పిల్లకి రోజుకి నాలుగుసార్లు వెళ్ళడం ఏ మూలకీ చాలదు, దాన్ని ఎవరో ఒకరి ఇంట్లో ఉంచాల్సిందే. రాత్రి కూడా మీరు అక్కడే పడుకోవాల్సి వస్తే నిద్ర గంటలన్నీ పూర్తి రేటుకి లెక్కేయలేం. నేను రాత్రికి రెండు గంటల విలువ కలుపుతాను. ముసలి కుక్క రాత్రి లేపుతుందని తెలిస్తే మూడు.

మొదటి పరిచయానికి డబ్బు తీసుకోకండి. అప్పుడు మీరూ కుక్కని చూసి నిర్ణయించుకుంటున్నారు కదా. రెండో, మూడో రాకలకి మాత్రం మామూలు రేటే. ఆవిడకి ఆ సంగతి ముందే తెలియాలి. ఐదు రోజుల డబ్బులో సగం బయల్దేరే ముందు, సగం తిరిగొచ్చాక తీసుకోండి. ఆవిడ రాక ఒకరోజు ఆలస్యమైతే అదే లెక్కన అదనం. ముందురోజు సాయంత్రంలోపు చెప్పి ప్రయాణం మానుకుంటే మీరేమీ తీసుకోరు, బయల్దేరే రోజు మానుకుంటే మొదటి రోజు డబ్బు తీసుకుంటారు. ఇవన్నీ ఒక మెసేజ్‌లో రాయండి. మాటల్లో చెప్పినవి ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటాయి.

ఆవిడకి ఇలా రాయొచ్చు:

"ఆంటీ, మీరు ఊరెళ్ళేలోపు మూడుసార్లు వస్తాను. మొదటిసారి పరిచయం, దానికి డబ్బు వద్దు. రెండోసారి మీతో కలిసి వాకింగ్. మూడోసారి మీరు అరగంట కింద ఉంటే నేను ఒక్కదాన్నే తాళం తీసి తీసుకొస్తాను, అది నన్ను రానిస్తుందో లేదో మనిద్దరికీ తెలుస్తుంది. ఆ రెండింటికీ 97 చొప్పున. ఊరెళ్ళిన ఐదు రోజులకీ మొత్తం 17 సార్లు వస్తాను, 1460 అవుతుంది. ఏ పూటకి ఎంతసేపో కింద రాశాను. ప్రతిసారీ వెళ్ళగానే, వచ్చేటప్పుడు మెసేజ్ పెడతాను. మూడోసారి చూశాక మీకు గానీ నాకు గానీ సరిపడదనిపిస్తే ఆపేద్దాం, ఏమీ అనుకోను."

ఆ మూడోసారిని ప్రయాణానికి కనీసం నాలుగు రోజుల ముందు పెట్టుకోండి. కుక్క మిమ్మల్ని లోపలికి రానివ్వకపోతే ఇంకోసారి ప్రయత్నించడానికి, అప్పటికీ కుదరకపోతే ఆవిడ వేరే మనిషిని వెతుక్కోవడానికి సమయం మిగలాలి.